కలలో నీళ్లు శుభమంటారు, నేను మాత్రం గుండె దడతో లేస్తున్నాను

చిత్రావతి (సోమవారం, రాత్రి 10:52)

అందరికీ నమస్కారం. మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె, ఇప్పుడు అనంతపురం టౌన్‌లో ఉంటున్నాం. ఈ పన్నెండు రోజుల్లో ఒకే కల నాలుగుసార్లు వచ్చింది. మా చేను. బోరు బండి ఆడుతూ ఉంటుంది. తెల్ల రాతి పిండి లేచి నాయన కనుబొమ్మలు, మీసాలు అన్నీ తెల్లబడి ముసలాయన మాదిరి కనిపిస్తాడు. ఉన్నట్టుండి శబ్దం ఆగిపోతుంది. కాసేపటికి నీళ్లు పైకి చిమ్ముతాయి. బురద నీళ్లు కాదు, తేట నీళ్లు. చుట్టూ ఉన్నవాళ్లు కేకలు వేస్తారు. నేను చెమటలు పట్టి లేచి కూర్చుంటాను. టైం చూస్తే నాలుగున్నర, ఐదు.

మా అత్తకు చెప్తే సంతోషపడి దేవుడి దగ్గర దీపం పెట్టింది. నెట్‌లో వెతికినా ధనలాభం అనే ఉంది. అంత మంచి కలైతే నాకు ఇంత భయం ఎందుకు? అర్థం తప్పా, నా భయం తప్పా?

పెన్నేటి గట్టు (సోమవారం, రాత్రి 11:20)

అమ్మా, భయపడవద్దు. నాకు 71 ఏళ్లు, కడప జిల్లాలో తెలుగు పండితుడిగా చేసి రిటైర్ అయ్యాను. తేట నీళ్లు శుభం, బురద నీళ్లు అనారోగ్యం అని మన పెద్దలు ఊరికే చెప్పలేదు. పైగా తెల్లవారుజామున వచ్చింది కాబట్టి ఫలితం త్వరగా కనిపిస్తుంది. భయం మనసు బలహీనత వల్ల వచ్చింది. స్నానం చేసి దీపం పెట్టుకో, చాలు.

చీనీ రైతు (మంగళవారం, ఉదయం 5:48)

అక్కా, బోరు వేయించాలనుకుంటే కలను చూసి వేయించొద్దు. టెంకాయ చేతిలో పెట్టుకుని నడిచేవాళ్ల మాట కూడా నమ్మొద్దు. జియాలజిస్ట్‌ను పిలిచి పాయింట్ చూపించుకోండి. మా తాడిపత్రి వైపు నేను ఐదు వేయిస్తే రెండే ఆడుతున్నాయి. మీ చేనులో పాత బోరు ఉంటే దాని చుట్టూ ఇంకుడు గుంత తీయించి ఒక వానకాలం చూడండి.

చిత్రావతి (మంగళవారం, ఉదయం 7:15)

అన్నా, బోరు వేయించడం లేదు. ఆ చేను అమ్మేసి చాలా ఏళ్లయింది. నేను అడిగింది కల గురించి.

కొండారెడ్డి బురుజు వీధి (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

చిత్రావతిగారూ, నేను కర్నూలులో కౌన్సెలింగ్ చేస్తాను. కలలతో వచ్చేవాళ్లు తక్కువే కానీ వస్తారు. మీ కల అర్థం ఇదీ అని నేను చెప్పను. చెప్పాననుకోండి, మీ అత్తగారు చెప్పినదానికి పోటీగా ఇంకో అర్థం చేరుతుంది, అంతే. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. ఇక్కడ రాయాలనిపిస్తే రాయండి, లేదంటే కాగితం మీద మీ కోసమే రాసుకోండి.

మొదటిది. భయం సరిగ్గా ఏ క్షణంలో మొదలవుతుంది? నీళ్లు చూసినప్పుడా, అంతకుముందా, కేకలు విన్నప్పుడా? కలను సినిమా రీలు మాదిరి మెల్లగా వెనక్కి తిప్పి చూడండి.

రెండోది. బోరు బండి అంటే ఏమిటో తెలియని ఊరి నుంచి వచ్చానని అనుకుని నాకు చెప్పండి. అది ఏం చేస్తుంది, ఎవరు పిలుస్తారు, వచ్చాక ఏమవుతుంది? మనస్తత్వవేత్త యూంగ్ తన దగ్గరికి వచ్చినవాళ్లను ఇలాగే అడిగేవాడు. కలలో బల్ల వస్తే, బల్ల అంటే నాకు తెలియదనుకుని చెప్పండి అనేవాడు. అందరికీ తెలిసిన వస్తువు గురించి చెప్పడం మొదలుపెడితే, మన ఒక్కరికే తెలిసిన సంగతి దాని వెంట బయటికి వస్తుంది.

మూడోది. కలలో నీళ్లు శుభం అనే మాట మీరు మొట్టమొదట ఎవరి నోట విన్నారు?

ప్రశ్నలోడు (మంగళవారం, మధ్యాహ్నం 2:05)

ఇదంతా అవసరమా మేడం? నిద్రలో మెదడు అడుగు భాగం నుంచి ఇష్టం వచ్చినట్టు సిగ్నళ్లు వస్తాయి, పై భాగం వాటికి ఒక కథ అల్లుతుంది. 1977లోనే హాబ్సన్, మెకార్లీ ఈ మాట చెప్పారు. అర్థమే లేనిదానిలో మామూలు అర్థం, సొంత అర్థం అని వెతకడం ఎందుకు?

కొండారెడ్డి బురుజు వీధి (మంగళవారం, మధ్యాహ్నం 2:40)

ఆ సిద్ధాంతం నాకూ తెలుసు. అది పూర్తిగా నిజమే అనుకుందాం. అప్పుడు కూడా కథ అల్లడానికి దారం కావాలి కదా. ఆ దారం ఆమె ఇంటిది. సముద్రం ఒడ్డున పెరిగిన మనిషికి అదే సిగ్నల్ వస్తే బోరు బండి కనిపించదు. కల జోస్యం చెబుతుందని నేను అనడం లేదు. ఆ దారం ఎక్కడిదో చూద్దామంటున్నాను.

పెన్నేటి గట్టు (మంగళవారం, సాయంత్రం 6:10)

అమ్మా కౌన్సెలర్‌గారూ, మీరు విదేశీయుల పేర్లు చెబుతున్నారు, సంతోషం. కానీ మన స్వప్నశాస్త్రం వేల ఏళ్ల అనుభవం. ఎవరి కలకు వాళ్లదే అర్థమంటే ఇక శాస్త్రం ఎందుకు?

కొండారెడ్డి బురుజు వీధి (మంగళవారం, రాత్రి 9:15)

మాస్టారూ, మన శాస్త్రం మాటే చెబుతాను. చరక సంహితలో ఇంద్రియస్థానం ఐదో అధ్యాయంలో కలలు ఏడు రకాలు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, ఒంట్లో దోషం వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికి ఫలితం ఉండదని వైద్యుడు తెలుసుకోవాలని అక్కడే ఉంది. అంటే తేట నీళ్లా బురద నీళ్లా అని చూడకముందే ఒక ప్రశ్న ఉంది. ఈ మనిషి ఇది ఇంతకుముందు చూసిందా, అనుభవించిందా? చిత్రావతిగారు బోరు బండిని కళ్లారా చూసి ఉంటే, మీ లెక్క ప్రకారమే ఇది ధనలాభం కల కాదు. ఆ ప్రశ్న అడగాలంటే ఆమె జీవితం తెలియాలి.

మన దగ్గరే కాదు. రెండో శతాబ్దంలో అర్టెమిడోరస్ అనే గ్రీకు రచయిత కలల అర్థాల మీద పెద్ద గ్రంథమే రాశాడు. అందులో గర్భిణులు పాముకు జన్మనిచ్చినట్టు కల కనడం గురించి ఉంది. అదే కల, ఏడుగురు తల్లులు. ఒకామె కొడుకు గొప్ప వక్త అయ్యాడు, ఒకామె కొడుకు దొంగై తల పోగొట్టుకున్నాడు, ఇంకొకామె బిడ్డకు పక్షవాతం. ఆ తల్లి ఎవరు, ఏ స్థితిలో ఉంది అనేదాన్ని బట్టి పాము అర్థం మారిందని ఆయన వివరిస్తాడు. అర్థాల జాబితా రాసిన మనిషే ఈ మాట అన్నాడు.

తెల్లవారుజాము సంగతి. కలలు బాగా వచ్చే నిద్ర రాత్రి గడిచేకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది, చివరి భాగంలోదే అన్నిటికన్నా పొడుగు. దాని మధ్యలోనో చివర్లోనో మెలకువ వస్తుంది కాబట్టి ఆ కల గుర్తుంటుంది. గుర్తున్న కలే నిజమైందని చెప్పుకోగలం. పదకొండింటికి వచ్చిన కలను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఆదోని పత్తి (మంగళవారం, రాత్రి 10:02)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు పళ్లు రాలి చేతిలో పడినట్టు కల వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతారని చెప్పారు. ఏడాదిగా అమ్మకు చిన్న దగ్గు వచ్చినా టెన్షన్. పళ్లకు నా జీవితంలో ఏ సొంత అర్థం ఉందో ఎంత ఆలోచించినా దొరకలేదు.

కొండారెడ్డి బురుజు వీధి (మంగళవారం, రాత్రి 10:25)

లేవగానే దవడ బిగుసుకుని ఉంటుందా? చిగుళ్లు నొప్పా? 2018లో ఇజ్రాయెల్‌లో ఒక పరిశోధన జరిగింది. పళ్లు రాలే కలలు మనసులోని బాధతో కాకుండా, లేచేసరికి పళ్లలో, చిగుళ్లలో ఉండే బిగువుతో ముడిపడి కనిపించాయి. చరకుడి ఏడో రకం గుర్తుకు రావట్లేదూ? అన్నిటికీ జీవితకథలో అర్థం వెతకకూడదు. ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోండి.

ఆదోని పత్తి (మంగళవారం, రాత్రి 10:31)

రాత్రిళ్లు పళ్లు కొరుకుతానని మా ఆవిడ రోజూ చెబుతుంది మేడం! ఆ రెండిటినీ నేను ఎప్పుడూ కలిపి చూడలేదు.

చిత్రావతి (బుధవారం, రాత్రి 11:40)

మేడం, రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. పొడుగైతే క్షమించండి.

భయం నీళ్ల దగ్గర మొదలుకావడం లేదు. నీళ్లు వచ్చేసరికే నేను వణుకుతూ ఉన్నాను. శబ్దం ఆగిపోతుంది చూడండి, అప్పుడే. ఇన్నాళ్లూ అందరూ నీళ్లు నీళ్లు అంటుంటే నేనూ నీళ్లనే చూశాను.

బోరు బండి అంటే తెలియనివాళ్లకు చెప్పాలంటే, అది ఊళ్లోకి వస్తే పిల్లలంతా వెనక పరిగెత్తే బండి. రాత్రంతా ఆడుతుంది, మూడు చేలవతల ఉన్నవాళ్లకూ నిద్ర ఉండదు. అడుగుకు ఇంత అని డబ్బు. లోపలికి పోయేకొద్దీ ఇంట్లో డబ్బు తగ్గుతూ పోతుంది. తడి తగిలేదాకా పిండే వస్తుంది. పిండి రంగు మారిందా అని నాయన అరచేతిలో వేసుకుని నలిపి చూస్తుండేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని. అది 2003. నాకు తొమ్మిదేళ్లు. అంతకుముందు వేసిన రెండూ పోయాయి, అది మూడోది.

మీ మూడో ప్రశ్న చదవగానే చేతులు చల్లబడ్డాయి. నీళ్లు శుభం అన్నది మా జేజి. తెల్లవారుజామున నిండు బావి కలలోకి వచ్చిందని, లక్ష్మి వస్తోందని నాయనను లేపి చెప్పింది. రెండు బోర్లు పోయి ఇక వద్దనుకున్న మనిషి, ఆ మాట మీద మళ్లీ బండిని పిలిపించాడు. నీళ్లు పడ్డాయి కూడా. ఒకటిన్నర ఇంచు. ఊరంతా కేకలు. చీనీ మొక్కలు నాటాడు. తర్వాతి ఎండాకాలానికి బోరు ఎండిపోయింది, మొక్కలూ ఎండాయి. తాకట్టు పెట్టిన అమ్మ కమ్మలు మళ్లీ ఇంటికి రాలేదు.

పెన్నేటి గట్టు (గురువారం, ఉదయం 6:30)

తల్లీ, చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నీ భయం మనసు బలహీనత అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చరకుడిది ఆ శ్లోకం నేను చదవలేదు, పంచాంగాల్లో ఉన్నదే చదివాను. అయితే ఆరో రకం కలలు ఉన్నాయని ఆయనా ఒప్పుకున్నాడు కాబట్టి నా నమ్మకం నాకుంది. ఇది ఆ రకం కాదు, అంతవరకు ఒప్పుకుంటాను.

కొండారెడ్డి బురుజు వీధి (గురువారం, ఉదయం 10:10)

చిత్రావతిగారూ, ఇందులో రెండు సంగతులు నాకు ముఖ్యంగా కనిపిస్తున్నాయి. కలల అర్థాల పుస్తకాల్లో నీళ్లకు అర్థం ఉంది కాబట్టి మనందరి చూపూ నీళ్ల మీద పడింది. శబ్దం ఆగడానికి ఏ పుస్తకంలోనూ అర్థం లేదు, అందుకే దాన్ని ఎవరం పట్టించుకోలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ ఇది చూస్తుంటాను. పాము కల అని చెబుతారు, గుచ్చి అడిగితే భయం పాముతో కాదు, పక్కనున్న మూసిన తలుపుతో ఉంటుంది.

రెండోది, అందరి అర్థం మీకు బయటిది కాదు. నీళ్లంటే లక్ష్మి అనే మాటే మీ ఇంట్లో ఒక సంఘటన అయింది. దాని మీద అప్పు చేశారు. కాబట్టి మామూలు అర్థాన్ని తీసి పక్కన పారేయలేం. మీ విషయంలో అది సొంత అర్థంలో ఒక ముక్క.

ఇంకొక్కటి అడగాలి. కల మొదలై పన్నెండు రోజులన్నారు. దానికి ముందు వారంలో ఇంట్లో ఏదైనా జరిగిందా? ఇక్కడ చెప్పనక్కర్లేదు.

చీనీ రైతు (గురువారం, మధ్యాహ్నం 3:20)

అక్కా, మొన్న మీ ప్రశ్న సరిగా చదవకుండా రాసినాను. ఇప్పుడు ఒక మాట చెప్పొచ్చో లేదో. బోరు బండి శబ్దం ఊరికే ఆగుతూనే ఉంటుంది. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. రాడ్డు దిగిపోతే గాలి ఆపి ఇంకోటి బిగిస్తారు. నాలుగు వందల అడుగులంటే ఇరవైసార్లు ఆగుంటుంది. అవన్నీ ఒకట్రెండు నిమిషాలు, ఇంజన్ గుర్రుమంటూనే ఉంటుంది, ఎవరూ భయపడరు.

ఇంకో ఆగడం ఉంది. ఒప్పుకున్న అడుగులు అయిపోయినా తడి తగలకపోతే, బండాయన ఇంజన్ తగ్గించి రైతును పిలుస్తాడు. ఇంకా పోదామా, ఆపేద్దామా అంటాడు. అప్పుడు చేనంతా నిశ్శబ్దం. నేను ఆ నిశ్శబ్దంలో మూడుసార్లు నిలబడినాను. అందరూ మన మొహమే చూస్తుంటారు. మీ కలలోది ఏ ఆగడమో మీకే తెలియాలి.

చిత్రావతి (శుక్రవారం, రాత్రి 9:50)

అన్నా, మీ మాట చదివి అమ్మకు ఫోన్ చేశాను. ఆ రోజు బండి మధ్యలో ఆగిందా అని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. 350 అడుగులకు దుడ్లు ఒప్పుకున్నారంట. అక్కడిదాకా పిండే. బండాయన ఇంజన్ తగ్గించి అడిగాడు. నాయన ఏమీ మాట్లాడకుండా అమ్మ వైపు చూశాడు. అమ్మ అక్కడే, గట్టు మీద నిలబడి, కమ్మలు తీసి నాయన చేతిలో పెట్టింది. ఇంకో మూడు రాడ్లకు నీళ్లు పడ్డాయి.

కమ్మలు ముందే తాకట్టు పెట్టారని ఇన్నేళ్లూ అనుకున్నాను. నువ్వు నా కొంగు పట్టుకునే నిలబడి ఉంటివి కదే అంటోంది అమ్మ. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

మేడం, మీరు అడిగింది కూడా చెబుతాను. కల మొదలయ్యే ముందు వారంలో మా ఆయన ఒక ప్లాటుకు అడ్వాన్స్ ఇవ్వాలని, నా బంగారం పెట్టి లోన్ తీసుకుందామని అడిగాడు. మంచి మనిషి, బలవంతం చేయలేదు. నేను ఇంతవరకు అవుననలేదు, కాదనలేదు. రోజూ అన్నం తినేటప్పుడు నా మొహం చూస్తాడు.

ప్రశ్నలోడు (శుక్రవారం, రాత్రి 10:30)

అక్కా, మీ అమ్మగారి మాట చదివి బాధనిపించింది. కానీ నిజాయితీగా ఒకటి అడగాలి. ప్లాటు కాకుండా పిల్లల ఫీజు సమస్య ఉన్నా ఇలాగే కుదిరేది కదా? అన్నీ తెలిశాక ఏ కలకైనా ఏ జీవితమైనా అతుకుతుంది. ఇది సరైన అర్థమని ఎలా తెలుస్తుంది?

కొండారెడ్డి బురుజు వీధి (శనివారం, ఉదయం 11:00)

మీ ప్రశ్న న్యాయమైనది. కచ్చితంగా తెలుసుకునే దారి లేదు. నేను కొన్ని మాత్రం గమనిస్తాను. అర్థం ఎవరి నోటి నుంచి ముందు వచ్చింది? నేను చెప్పి ఆమె తలూపి ఉంటే దానికి విలువ తక్కువ. భయం శబ్దం దగ్గర మొదలైందని ఆమె రాసేటప్పటికి, అమ్మగారు చెప్పిన సంగతి మనలో ఎవరికీ తెలియదు. అది కొంత బలం. కల మొదలైన తేదీ, బంగారం అడిగిన తేదీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అదీ కొంత బలం.

బలహీనత కూడా చెబుతాను. కమ్మలు తీసి ఇచ్చిన దృశ్యం ఆమెకు గుర్తు లేదు. అమ్మ చెప్పాక రేపు అది కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చినా, అది 2003 నాటి జ్ఞాపకమో, నిన్నటి ఫోన్ నుంచి తయారైన బొమ్మో ఎవరం చెప్పలేం. కాబట్టి కల ఆ దృశ్యాన్ని దాచిపెట్టింది అని నేను అనను.

చిత్రావతిగారూ, కలను చూసి బంగారం ఇవ్వొద్దనీ ఇవ్వమనీ నిర్ణయించుకోకండి. మీ జేజి కల మీద బోరు వేసినట్టే అవుతుంది అది. ప్లాటు కాగితాలు వేరే చూసుకోండి. కల వస్తే లేవగానే, ఫోన్ చూడకముందే, తేదీ వేసి నాలుగు ముక్కలు రాయండి. ఏం కనిపించింది, భయం ఎక్కడ మొదలైంది, ముందురోజు ఏం జరిగింది. అర్థం రాయకండి. మీ ఆయనతో మాట్లాడి విషయం తేలిపోయాక కూడా కల మారకుండా అలాగే వస్తుంటే, మనం అనుకున్నది తప్పు కావచ్చు, కనీసం సగమే కావచ్చు.

చిత్రావతి (మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 6:05)

అందరికీ చెప్పాలని వచ్చాను. మా ఆయనకు అమ్మ కమ్మల సంగతి చెప్పాను. పెళ్లయి ఇన్నేళ్లయినా ఎప్పుడూ చెప్పలేదు. ఆయన కాసేపు ఊరుకుని, ప్లాటు మాట ఇప్పుడు వద్దులే అన్నాడు. కాగితాల్లో కూడా ఏదో లింక్ డాక్యుమెంట్ తక్కువ ఉందని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

పదిహేను రోజులు కల రాలేదు. మాట తేలిపోయింది కాబట్టి ఇక రాదనుకున్నాను. ఈ తెల్లవారుజామున మళ్లీ వచ్చింది. మేడం చెప్పినట్టు లేవగానే రాసుకున్నాను, రాసింది రాసినట్టే పెడుతున్నాను.

“బండి ఆడుతోంది. శబ్దం ఆగలేదు. నీళ్లు రాలేదు. పిండి లేస్తూనే ఉంది. నాయన అరచేతిలో పిండి వేసుకుని నలిపి నాకు చూపించాడు. భయం లేదు, ఏడుపు వచ్చింది. నిన్న ఏమీ జరగలేదు. చీనీకాయలు కొన్నాను.”

చీనీ రైతు (ఆదివారం, ఉదయం 6:40)

పిండి ఏ రంగు ఉంది అక్కా?

చిత్రావతి (ఆదివారం, ఉదయం 6:52)

అదే గుర్తు రావడం లేదన్నా. పొద్దున్నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను.